బాంబులు పడిన మర్నాటి ముగ్గు

ఏ దేశమో నేను రాయను. రాస్తే చదివేవాళ్లు ముందు తాము ఏ పక్షమో తేల్చుకుని, ఆ తర్వాతే మిగతాది చదువుతారు. మా కల్లూరు టీ కొట్టు దగ్గర రోజూ చూస్తున్న తంతే ఇది. సముద్రం అవతల ఒక నగరం ఉంది. దాని మీద రాకెట్లు పడుతున్నాయి. ఆ నగరం తాలూకు విమానాలు పోయి ఇంకొకరి నగరం మీద బాంబులు వేస్తున్నాయి. ఇంత తెలిస్తే చాలు. ఆ నగరంలో, మా ఇంటి కింది వాటాలో అద్దెకుండే దర్జీ భార్య పనిచేస్తోంది. మంచం దిగలేని ఒక ముసలామెకు స్నానం చేయించడం, తినిపించడం, మందులివ్వడం ఆమె పని. ముసలామెది నాలుగో అంతస్తు, ఈమె ఉండేదీ అక్కడే, పక్క గదిలో.

నేను కర్నూలు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. ప్రపంచ యుద్ధాల పేపరు ఎప్పుడూ నాకే ఇచ్చేవారు, మిగతావాళ్లకు ఆ మ్యాపులంటే ఒళ్లు బరువు. అందుకని యుద్ధం మొదలైన మర్నాడు దర్జీ నన్ను కిందికి పిలిచాడు. కత్తిరించే బల్ల మీద బడి యూనిఫాం గుడ్డ పరిచి ఉంది. చేతిలో కత్తెర ఉంది గానీ కత్తిరించడం లేదు.

"ఎన్ని దినాలు సాగుతాది సార్ ఇది?" అన్నాడు. "టీ కొట్టుకాడ అందురూ నాలుగు దినాలంటాండారు. ఊళ్లమీద బాంబులు పడినంక ఎవురైనా దిగొస్తారు గదా అంటాండారు."

అతను కాలక్షేపానికి అడగలేదు. మనవాళ్లను వెనక్కి తెచ్చేందుకు ప్రభుత్వం విమానాలు పంపుతోందని, రాదలచినవాళ్లు పేరు ఇవ్వాలని అప్పుడే కబురొచ్చింది. నాలుగు రోజుల్లో ముగిసేదైతే ఆమె అక్కడే ఉండొచ్చు. వచ్చేస్తే వీసా పోతుంది, మళ్లీ ఆ పని దొరకదు. ముగియనిదైతే వచ్చెయ్యాలి. నగరాల మీద బాంబులు వేస్తే జనం గుండె చెదురుతుందా లేదా అన్న ప్రశ్నకు నేనిచ్చే జవాబు మీద ఆమె వచ్చెయ్యడమో ఉండిపోవడమో ఆధారపడింది. నా సర్వీసులో ఏ పరీక్ష పేపరు మీదా అంత బరువు పడలేదు.

స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో లక్షల మంది ఏళ్ల తరబడి చచ్చిపోయారు. అది చూసిన ఇటలీ సైన్యాధికారి ఒకడు, ఇదంతా ఎందుకు, విమానం కందకాల మీదుగా ఎగిరిపోతుంది, దాన్ని ఆపేది లేదు, నేరుగా నగరాల మీదికి పోదాం అన్నాడు. పేలే బాంబులు, మంటపెట్టే బాంబులు, విషవాయువు కలిపి వేస్తే జనం తాళలేక తమ ప్రభుత్వం మెడ మీద కూర్చుని యుద్ధం ఆపిస్తారు, అంతా తొందరగా అయిపోతుంది, మొత్తం లెక్కలో ఇదే దయ అన్నాడు. ఇంగ్లండులో వాయుసేన పెద్ద కూడా, బాంబు కూల్చే గోడల కన్నా అది పుట్టించే భయమే ఎన్నో రెట్లు పనిచేస్తుందన్నాడు. అమెరికావాళ్లు ఇంకో తీరున ఆలోచించారు. జనాన్ని కాదు, ఫ్యాక్టరీలకు ఆయువుపట్టు ఏదో చూసి కొట్టాలి, బేరింగులు చేసే ఊరొకటి పోతే దేశంలో చక్రం తిరగదు అన్నారు.

"మంచి మాటే గదా సార్," అన్నాడు దర్జీ. "కింది దారముండే బాబిన్ కేసు పోతే మిషనంతా ఉన్నా లాభం ల్యా."

"మాట మంచిదే. రెండో యుద్ధంలో ఆ బేరింగుల ఊరి మీదికి పట్టపగలు పోయిన విమానాల్లో ఐదింట ఒకటి తిరిగి రాలేదు. ఊరు దెబ్బతినింది గానీ, వాళ్లు ఆ పనిని నాలుగు చోట్లకు పంచుకుని మళ్లీ మొదలుపెట్టినారు."

ఇంగ్లండువాళ్లు జర్మనీ మీదికి రాత్రిళ్లు పోయేవాళ్లు. ఎక్కడ పడుతున్నాయో ఫొటోలు తీయించి చూసుకుంటే, లక్ష్యం మీదే వేశామని చెప్పిన విమానాల్లో మూడింట ఒక వంతే దానికి ఐదు మైళ్ల దగ్గరలోకి పోయాయని తేలింది. కల్లూరులో వేయబోయి ఓర్వకల్లు దారిలో వేసినట్టు. ఫ్యాక్టరీని కొట్టలేమని తెలిశాక వాళ్లు ఏం చేశారు? కొట్టగలిగినదాన్నే లక్ష్యమన్నారు. నగరమంత పెద్ద వస్తువు గురి తప్పదు కదా. కూలివాళ్ల ఇళ్లు కూలిస్తే వాళ్ల మనసు కూలుతుందన్నారు. ఇందులో నాకు ఇప్పటికీ ఒళ్లు మండే సంగతి ఒకటుంది. అంతకు ముందే వాళ్ల సొంత నగరాల మీద జర్మన్లు నెలల తరబడి బాంబులు వేశారు. తమ జనం ధైర్యం కూలిందా అని తమ పట్టణాల్లోనే విచారణ చేయించుకున్నారు, కూలలేదని తేలింది. అదే విచారణను చేతిలో పట్టుకుని, శత్రువుది మాత్రం కూలుతుందని వాదించారు. తన బిడ్డకు తగిలితే దెబ్బ, ఎదురింటి బిడ్డకు తగిలితే బుద్ధి.

"కూలిందా మరి?"

కూలలేదన్నాను. హాంబర్గ్ అనే రేవుపట్నంలో వేసవి పూట నిప్పు బాంబులు వేస్తే, మంటలన్నీ ఒక్కటై గాలినే లోపలికి పీల్చుకునే తుఫానై, నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లు ఊపిరాడక చనిపోయారు. పదివేలు కాదు, అంతకు మూడు నాలుగు రెట్లు. మిగిలినవాళ్లు ఊరొదిలి పోయారు. కొన్ని నెలలకు ఆ ఊళ్లోనే ఫ్యాక్టరీలు చాలా భాగం మళ్లీ నడిచాయి. జర్మనీ లొంగిపోయింది రెండు వైపుల నుంచీ సైన్యాలు వచ్చి ఇంట్లో నిలబడ్డాకే. బాంబుల వల్ల అసలు లాభమే లేదనలేం. చివరి ఏడాది పెట్రోలు తయారయ్యే చోట్లనూ రైలు జంక్షన్లనూ పట్టుబట్టి కొట్టినప్పుడు వాళ్ల ట్యాంకులు ఎక్కడివక్కడ ఆగాయి. ఊళ్ల కాపలాకు ఫిరంగులను, విమానాలను వెనక్కి లాక్కోవలసి వచ్చింది. అదంతా చేతులు కట్టేయడం. మనసు విరవడం వేరే. రాటర్‌డ్యామ్ మీద బాంబులు పడిన రోజే హాలెండు సైన్యం దిగొచ్చింది, నిజమే, కానీ అప్పటికే శత్రుసైన్యం దేశంలో సగం దాకా వచ్చేసింది. జపాను సంగతి ఇంకా తెగలేదు. అణుబాంబుల వల్లనా, అదే వారం రష్యా జపాను మీదికి దండెత్తడం వల్లనా అని మా చరిత్రవాళ్లు ఈనాటికీ కొట్టుకుంటున్నారు. టోక్యోలో పెద్ద భాగం ఒక్క రాత్రిలో కాలి బూడిదైన మర్నాడు మాత్రం జపాను లొంగలేదు.

"కాబట్టి నాలుగు దినాల మాట నమ్మొద్దు," అన్నాను. "ఇది సాగుతాది. రెండు పక్కలా ఎవురూ దిగిరారు."

నేను చెప్పింది సరైనదే. ఇప్పుడు మళ్లీ అడిగినా అదే చెబుతాను. దర్జీ దాన్ని ఎటు తిప్పుకున్నాడో నాకు అప్పుడు తట్టలేదు.

అతను ఆ రోజే భార్యకు ఫోను చేసి చెప్పాడు. బాంబులకు మనిషి గుండె చెదరదంట, సారు పుస్తకాలు చూసి చెప్పినాడు, నువ్వు గట్టిగా ఉండు అన్నాడు. ఆమె సరేనంది. విమానానికి పేరు ఇవ్వలేదు.

అప్పట్నుంచి ప్రతి పొద్దునా ఆమె దగ్గర నుంచి ఒక వాయిస్ మెసేజీ వచ్చేది. "బాగుండా. పనికి పోతాండా." అంతే. దర్జీ దాన్ని కొలతలకు వచ్చిన ప్రతివాళ్లకూ వినిపించేవాడు. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు, ప్యాంటు పొడవు తగ్గించుకోను వచ్చే ఆటోవాళ్లు, అందరూ మెచ్చుకున్నారు. ఆడది కాదప్పా, పులి అన్నారు. "మన సీమ ఆడోళ్లంటే ఏమనుకున్యారు," అన్నాడొకడు, తానేదో ఆ నాలుగో అంతస్తులో ఉన్నట్టు. మసీదులో పెద్దలు కూడా ఆమె క్షేమం కోరి దువా చేసి మెచ్చుకున్నారట. ఆ మాటలన్నీ దర్జీ రికార్డు చేసి ఆమెకు పంపేవాడు. ధైర్యం వస్తుందని. నేనూ పంపాను ఒకటి. లండన్ మీద అన్ని నెలలు బాంబులు పడినా జనం మర్నాడు పొద్దున గాజుపెంకులు ఊడ్చుకుని పనికి పోయేవాళ్లమ్మా, నువ్వు వాళ్లకేం తీసిపోవు అన్నాను. పొద్దున బొరుగుల ఉగ్గాని తింటూ చెప్పిన మాట అది.

రెండు వారాలయ్యాయి. కడపలో ఉన్న దర్జీ అత్త తిండి మానేసిందని కబురొచ్చింది. పోయి చూసొద్దామా సార్ అన్నాడు దర్జీ. ఒక్కడే పోతే ఆమెకు జవాబు చెప్పలేనని తోడు రమ్మన్నాడు. నంద్యాల మీదుగా పోయే బస్సెక్కాం. మైదుకూరు దగ్గర పడుతుండగా నేను పుట్టిన ఊరికి చీలే రోడ్డు కనబడింది. ఆ రోడ్డు చూడగానే నాకొక సంగతి గుర్తొచ్చింది. అన్నేళ్లు యుద్ధాల పేపరు చెప్పినా ఒక్కసారి కూడా గుర్తుకు రానిది.

మా ఊళ్లో నా చిన్నప్పుడు రెండు ఫ్యాక్షన్ పార్టీలు, ఒక్కోదానికి ఒక పెద్దాయన ఉండేవాళ్లు. సినిమావాళ్లు దాన్ని బాగా అమ్ముకున్నారు కాబట్టి నేను దాని జోలికి పోను. ఒక సంగతి మాత్రం చెప్పాలి. నాటుబాంబులు ఇళ్ల మీద వేసేవాళ్లు, బత్తాయి, అదే మా చీనీ చెట్లు నరికేవాళ్లు, బావి మోటార్లు పగలగొట్టేవాళ్లు. నష్టపోయినవాడు భయపడి తన పెద్దాయన పక్షం వదిలేస్తాడని అవతలివాళ్ల లెక్క. ఒక్కడూ వదల్లేదు. గుండె గట్టిదై కాదు. ఇల్లు కూలినవాడికి ఆ పూట సంగటి పెట్టేది ఎవరు? పెద్దాయన ఇంట్లోనే పెద్ద గుండిగలు దించేవాళ్లు. అంతకు ముందు ఆయన్ని చాటున తిట్టుకున్నవాళ్లు కూడా ఆయన అరుగు మీదే పడుకోవలసి వచ్చేది. జర్మనీలోనూ అంతే జరిగింది. ఇల్లు పోయినవాడికి కంబళి, గంజి, ఇంకో గది ఇచ్చేది ప్రభుత్వమే, దాన్ని కాదని పోవడానికి దారి లేదు.

ఇంకొకటి. బాంబు పడిన ఇంటి ముందు మర్నాడు పొద్దున్నే కల్లాపి చల్లి ముగ్గు పెట్టేవాళ్లు. గోడ సగం పడి ఉంటుంది, ఇటుకలు పక్కకు నెట్టి, ఆ మేర ముగ్గు. అవతలి పార్టీవాళ్లు వచ్చిపోతూ చూసేవాళ్లు. మా నాయన నన్ను వెంటబెట్టుకుపోయి చూపించాడు, చూడు ఎంత పౌరుషమో అని. ఒకసారి మా ఇంటి వసారా మీదే పడింది. మర్నాడు మా అమ్మ ముగ్గు పెడుతుంటే గీత వంకర పోయింది. భయం లేదామ్మా అని అడిగాను. "ముగ్గు పెట్టకపోతే ఈ ఇంట్లో ఎవురో సచ్చినారంటారు నాయనా. సావు ఇంటికాడ ముగ్గు పెట్టరు గదా. అందుకు పెడ్తాండా," అంది. తర్వాత వంటింట్లోకి పోయి కక్కుకుంది.

ఊరంతా పౌరుషమని చదువుకున్న ఆ ముగ్గు, మా అమ్మకు ఇంకో దారి లేక పెట్టిన ముగ్గు. బస్సులో కూర్చుని ఇది తలుచుకుంటుంటే పుస్తకాల్లో చదివినదంతా ఇంకో మొహం పెట్టుకుని వచ్చింది. యుద్ధం అయ్యాక అమెరికావాళ్లు జర్మనీలో ఊరూరా తిరిగి జనాన్ని అడిగారు, పట్టుబడిన ఉత్తరాలు చదివారు. తేలిందేమిటి? మనసులు నిజంగానే విరిగాయి. భయం, నిద్రలేమి, ఎప్పుడైపోతుందా అన్న విసుగు, పైవాళ్ల మీద నమ్మకం పోవడం, అన్నీ జరిగాయి. అయినా పనికి పోయారు. పోలీసు భయం, రేషను, అలవాటు, ఇంకేం చేయాలో తోచకపోవడం. ఇంగ్లండులో కూడా బాంబులు పడే రేవుపట్నాల జనం సాయంత్రం కాగానే పిల్లల్ని ఎత్తుకుని పొలాల్లోకి, కొట్టాల్లోకి పోయి పడుకునేవాళ్లు. ధైర్యం పోయింది వీళ్లకు అని అధికారులు కంగారుపడ్డారు. పొద్దున్నే ఆ జనమే తిరిగొచ్చి పనిలో దిగారు. సిద్ధాంతం రాసిన పెద్దలు మనిషి మనసును మోటారు స్విచ్చి అనుకున్నారు, నొక్కితే యుద్ధం ఆగుతుందని. మనసు విరిగిన మనిషి లొంగిపోవాలంటే ఎవరి దగ్గరికి పోయి లొంగిపోవాలి? లొంగుబాటు రాయించుకునే కిటికీ ఎక్కడా ఉండదు. తెల్లవారుతుంది, పొయ్యి వెలిగించాలి.

నేను పాఠాల్లో ఇవన్నీ చెప్పాను. కానీ చివర్న, "జనం లొంగలేదు" అని సంతోషంగా ముగించేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

కడపలో ఎండ నెత్తిన పగులుతోంది. దర్జీ అత్త ఇంట్లో ఫ్యాను కింద నేల మీద కూర్చుని ఉంది. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆమె బిడ్డ ధైర్యాన్ని పొగుడుతున్నారు. దర్జీ అలవాటుగా ఫోను తీసి ఆ పొద్దుటి మెసేజీ వినిపించాడు. బాగుండా, పనికి పోతాండా.

అత్త విని అల్లుణ్ణి చూసింది. "దానికి భయమైతాందా అని ఎవురన్నా అడిగినారా నాయనా?"

దర్జీ నన్ను చూశాడు. నేను నేల చూశాను. అతను మెల్లగా, "అడగల్యా," అన్నాడు.

అక్కడ నుంచే ఫోను చేశాం. ఆమె ఎత్తింది, పనిలో ఉన్నట్టుంది, గిన్నెల చప్పుడు వినబడింది. దర్జీ ఫోను స్పీకరులో పెట్టాడు.

"నీకు భయమైతాందా?" అన్నాడు.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాం.

"ఇన్ని దినాలకు అడిగినావా," అంది. ఆ తర్వాత ఏడుపు. ఏడుస్తూనే చెప్పింది. సైరను మోగితే ఒకటిన్నర నిమిషంలో కింది గదికి పోవాలట. తాను చూసుకునే ముసలామె మెట్లు దిగలేదు. ఆమెను మెట్ల దగ్గరికి ఈడ్చుకొచ్చి, గోడకు ఆనించి, మీద పడుకుంటుందట. ఒంటికి పోసుకోవాలన్నా భయమేనట, స్నానంలో ఉండగా మోగితే అని. పక్క వీధిలో మేడ పడిపోయింది. మూడు రోజులుగా గొంతులోకి అన్నం దిగడం లేదు.

"మరి రావచ్చు గదమ్మా," అన్నాను నేను. "విమానాలు పంపిరి గదా. పేరెందుకు ఇయ్యల్యా?"

"ఎట్ల ఇయ్యాల సార్? పులి అంటిరి. మసీదులో గూడా మెచ్చుకునిరి అంటిరి. లండనోళ్లు అంటిరి మీరు. ఇంత మంది గట్టిదానివి గట్టిదానివి అంటాంటే, నేనొస్తానని ఏ మొగం పెట్టుకోని చెప్పాల?"

సిగ్గు వేసిందని రాస్తే చిన్న మాట అవుతుంది. బాంబులు వేసినవాళ్లు ఆమె మనసు విరవాలనుకున్నారు, మేము అది విరగకూడదనుకున్నాం. రెండు పక్కలవాళ్లమూ ఆమెను మనిషిగా లెక్కపెట్టలేదు.

"వచ్చెయ్, ఈపొద్దే పేరియ్యి," అన్నాడు దర్జీ. "పనీ వద్దు, ఏమీ వద్దు." అత్త ఫోను లాక్కుని బిడ్డను తిట్టింది, ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలేదని. బిడ్డ కూడా తిరిగి తిట్టింది. ఆ తిట్లు విన్నాక అత్త లేచి అన్నం పెట్టుకుంది.

దర్జీ భార్య ఆ రోజే పేరు ఇచ్చింది. ఈమె బయల్దేరాక తల్లిని తాను వచ్చి చూసుకుంటానని ఆ మంచం మీది ముసలామె కూతురు ఒప్పుకుంది. విమానంలో వంతు వచ్చేలోపల అక్కడి విమానాశ్రయం దారి మీద రాకెట్లు పడి, విమానాశ్రయాన్నే మూసేశారు. ఎప్పుడు తెరుస్తారో తెలియదు. రోడ్డు మీదుగా పక్క దేశానికి తీసుకుపోతారని ఒకరోజు, లేదని ఇంకోరోజు చెబుతున్నారు.

అప్పట్నుంచి దర్జీ పొద్దున్నే ఒకటే అడుగుతున్నాడు. "రాత్రి ఎంత భయమేసింది?" ఆమె చెబుతుంది. ఎన్నిసార్లు మోగిందో, ముసలామె తన చేయి ఎంత గట్టిగా పట్టుకుందో, ఎక్కడ పొగ కనబడిందో చెబుతుంది. ఏడుస్తుంది, మొగుణ్ణి తిడుతుంది, నన్నూ తిడుతుంది. కొలతలకు వచ్చినవాళ్లెవరికీ అతను ఇప్పుడు వినిపించడం లేదు. టీ కొట్టు దగ్గర ఎవరైనా పులి అంటే లేచి వచ్చేస్తున్నాడు. ఆ తిట్లు వింటున్నంత కాలం మా ఇద్దరికీ కాస్త ఊపిరి ఆడింది.

ఈ పొద్దున కిందికి పోయేసరికి మిషను ఆగి ఉంది. దర్జీ ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. ఎంత భయమేసిందని అతను అడిగిన మెసేజీ కింద ఆమె జవాబు ఉంది.

"బాగుండా. పనికి పోతాండా."

ఏడుపు లేదు, తిట్టు లేదు. ఇద్దరం మళ్లీ వినలేదు. అతను ఫోను చేస్తూనే ఉన్నాడు, మోగుతోంది, ఎత్తడం లేదు.